రెండు దినాలు

మెర్సీ అని పేరు పెట్టుకుని తెలుగు చెప్పడమేమిటని ఈ బడిలో చేరిన కొత్తలో నన్ను చాలామంది అడిగారు. పేరు మా బాపు పెట్టాడు, తెలుగు మా తాత అంటించాడు, మధ్యలో మీకేం నొప్పి అనేదాన్ని. మహబూబ్‌నగర్‌లో మాది ఇంగ్లీషు మీడియం బడి. స్టాఫ్ రూములో నేను తప్ప ఎవరూ సెలవు చీటీ తెలుగులో రాయరు. నేను మాత్రం తెలుగులోనే రాస్తాను, అదీ మామూలు తెలుగు కాదు. 'తమరికి విదితమే', 'ప్రార్థన', 'చిత్తగించవలెను' అన్నీ పడాల్సిందే. వెనకాల నన్ను 'గ్రాంథికం మేడం' అంటారని తెలుసు. తెలిసే ఇంకా రెండు సంధులు ఎక్కువ కలిపేదాన్ని.

అంతటి నన్ను మొన్న ఒక్క మాట బోర్లా పడేసింది. పైగా అది మా ఇంటి మాటే.

మా తాత పేరు బక్కయ్య. ఒళ్లు కూడా పేరుకు తగ్గట్టే ఉండేది. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన పర్వతాలు, నాకు పెద్దబాపు. తిరుమలగిరిలో వ్యవసాయం. రెండోవాడు పరశురాం, మా బాపు, అంటే నాన్న. కల్వకుర్తిలో హాస్టల్ వంటమనిషిగా చేసి రిటైరయ్యాడు. పెళ్లయ్యాక మా అమ్మ వెంట చర్చికి పోయి బాప్తిస్మం తీసుకున్నాడు. అంతవరకూ ఎవరికీ ఏ బాధా లేదు. గొడవంతా కూర దగ్గర వచ్చింది.

ఒక ఏడు పోచమ్మ పండక్కి పెద్దబాపు యాటను కోసి తమ్ముణ్ణి పిలిచాడు. బాపు వచ్చాడు, కూర్చున్నాడు, అమ్మవారికి పెట్టిన కూర మాత్రం తినలేనన్నాడు. పెద్దబాపు విస్తరి ముందు నుంచి లేచి, "నా ఇంటి కూడు నీకు చేదయింది గద, నీ ఇంటి కూడు నేనూ ముట్ట" అన్నాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు నుంచి ఈయన ఆయనింట తినడు, ఆయన ఈయనింట తినడు. మాట కూడా నేరుగా లేదు. పక్కపక్కనే నిలబడి ఉన్నా మధ్యలో నేనుండాలి. "ట్రాక్టరు మాట్లాడిండా అడుగు బిడ్డా" అని ఒకరంటే, "మాట్లాడిన అని చెప్పు బిడ్డా" అని ఇంకొకరు. ఇద్దరికీ చెవులు బాగానే వినపడతాయి.

మా తాతకు మాత్రం ఈ బాధలేమీ లేవు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. తిరుమలగిరిలో ఉంటే బోనం ముందు డప్పుకు చిందేసేవాడు. కల్వకుర్తికి వస్తే, అన్నం ముందు మా అమ్మ ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే గట్టిగా "ఆమెన్" అనేవాడు. అందరూ కళ్లు తెరిచేసరికి మొదటి ముద్ద ఆయన నోట్లో ఉండేది. "ఏందే తాతా" అంటే, "దేవునికి ఇనబడ్డది బిడ్డా, కూర సల్లారుతాంది" అనేవాడు.

ఆయన నన్నొక్కటే కోరాడు. పోయినేడు కల్వకుర్తి నుంచి తిరుమలగిరికి దించడానికి నేనే తీసుకుపోయాను. బస్సులో పల్లీలు తింటూ, "నేను పోతే గీళ్లిద్దరు యేర్వేరుగ దినాలు చేస్తరు, నాకెరుక. నువ్వు మాత్రం రెండు కాడ తినాలె. ఒక్క కాడ తిని ఇంకోకాడ ఎగ్గొడితే ఈళ్ల నడుమ ఉన్న గా ఒక్క తీగె గూడ తెగుతది" అన్నాడు. సరే అని చేతిలో చెయ్యేసి చెప్పాను.

దినాలంటే మా వైపు ఏమిటో బయటివాళ్ల కోసం చెప్పాలి. మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పదకొండో రోజున పెద్దగా చేసి, చుట్టాలందరికీ అన్నం పెడతారు. ఆ పెద్ద కార్యం పేరే దినాలు. ఎన్ని రోజులన్న లెక్క కాదు, అది కార్యం పేరు. చర్చికి పోయే మా అమ్మవాళ్లు కూడా, పాస్టరు గారి ముందు ఆదరణ కూడిక అంటారు గానీ ఇంట్లోకి రాగానే "దినాలకు ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలె" అనే అడుగుతారు.

మొన్న చలికాలంలో తాత తిరుమలగిరిలోనే నిద్రలో పోయాడు. కబురు అందగానే పరుగెత్తాను. మట్టి చేయడం అయ్యింది. మూడో రోజు పిట్టకు పెట్టడం అయ్యింది. కాకి కూడా తాత లాగే ఎవరి కోసమూ ఆగకుండా వచ్చి ముట్టింది. నేను తిరిగి బడికి వచ్చేశాను. ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. పదో తరగతి పిల్లల పరీక్షలు ముంచుకొస్తున్నాయి.

మా బడిలో సెలవుల పద్ధతి ఇది. ఒకసారికి మూడు క్యాజువల్ లీవులకు మించి తీయకూడదు. తల్లిదండ్రులు పోతే వారం రోజులు ఇస్తారు. తాతలకూ నానమ్మలకూ విడిగా ఏమీ లేదు. ప్రైవేటు బళ్లలో తాతలు మరీ ఎక్కువగా పోతారని మేనేజ్‌మెంటుకు అనుమానం. ఒకరి తాత దసరా ముందొకసారి, వేసవి సెలవుల ముందొకసారి పోయాడని చెప్పుకుంటారు. నా మూడు లీవులూ మట్టికీ పిట్టకూ అయిపోయాయి. ఇక దినాలకు అదనంగా అడగాలి.

అడగాల్సింది మా ప్రిన్సిపాల్ బాలకృష్ణ సార్‌ని. నెల్లూరు వైపు మనిషి. లెక్కల మాస్టారు. మంచివాడే, కానీ ఏదైనా రెండు అంటే రెండే, రెండున్నర కాదు.

పెద్దబాపు దినాలు గురువారం. బుధవారం బయల్దేరితే గానీ అందుకోలేను. హైదరాబాదులో బస్సు మారి పోవాలి. బాపు పెట్టే దినాలు శుక్రవారమో శనివారమో ఇంకా తేలలేదు, పాస్టరు గారు తారీకు చెప్పలేదు. అందుకని చీటీలో ఎప్పటి నుంచో రాశాను, ఎప్పటి దాకానో రాయలేదు. పిల్లలు ఉత్తరం రాస్తే తేదీ ఏదని చెవి మెలేసేది నేనే.

నేను ఎక్కువసేపు ఆలోచించింది క్రియాపదం గురించి. తాత 'స్వర్గస్థులైనారు' అని పెద్దబాపు కార్డు వేయించాడు. 'ప్రభువునందు నిద్రించారు' అని బాపు వేయించబోతున్నాడు. ఒకటి రాస్తే ఇంకొకరికి కోపం. ఆ చీటీని వాళ్లు చూడబోవడం లేదు, అయినా అలవాటైన భయం. చివరికి 'కాలం చేశారు' అని రాశాను. కాలానికి మతం లేదు గదా.

"మా తాతగారు బక్కయ్య గారు కాలం చేసిన సంగతి తమరికి విదితమే. వారి రెండు దినాలకూ నేను తప్పక హాజరు కావలసియున్నందున, బుధవారము నుండి సెలవు మంజూరు చేయ ప్రార్థన."

దీనికి పెద్దబాపు కార్డు జతచేసి ఇచ్చాను. సార్ చదివాడు. కార్డు మీద గురువారం తేదీ చూశాడు. ఆకుపచ్చ పెన్నుతో 'మంజూరు' అని రాసి, "రెండు దినాలే కదా మేడం?" అన్నాడు.

"రెండే సార్."

"మూడోది ఉండదు కదా?"

"ఉండదు సార్. మూడోది ఎవరు పెడతారు? నాది పూచీ."

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, తల ఊపి, చీటీని ఫైల్లో పెట్టాడు. నా పీరియడ్లు నిరోషకు అప్పజెప్పాను. నిరోష హిందీ టీచరు, పాలమూరు పిల్ల. "రెండు దినాలైనంకనే వస్తవా అక్కా?" అంది. అవునన్నాను. "సరే, సోమవారం కలుద్దాం" అంది. చూశారా, అర్థం చేసుకోవడమంటే అదీ.

గురువారం తిరుమలగిరి దినాలు బాగా జరిగాయి. పెద్దబాపు గుండు చేయించుకున్నాడు. బాపు కూడా వచ్చాడు. తాత ఫోటో ముందు కళ్లు మూసుకుని తనలో తాను ప్రార్థన చేసుకున్నాడు, అరుగు మీద కూర్చున్నాడు, వచ్చినవాళ్లకు నీళ్లందించాడు. అన్నం వేళకు మాత్రం, "వంట సామాన్లు తెచ్చుకునేదుంది, పోతున్న అని చెప్పు బిడ్డా" అని లేచాడు. పెద్దబాపు అక్కడే ఉన్నాడు. "తారీకు గట్టి అయిందా అడుగు" అన్నాడు. "శనివారం అని చెప్పు. వస్తడా అడుగు" అన్నాడు బాపు. పెద్దబాపు కొత్త తువ్వాలను గుండు మీద సర్దుకుని లోపలికి పోయాడు.

నేను రెండుసార్లు పప్పు వేయించుకుని తిన్నాను. తాత సంగతి సగం తీరింది. మిగతా సగం శనివారం. పెద్దబాపు వస్తాడన్న ఆశ మాత్రం నాకు లేదు.

శుక్రవారం పొద్దున నేను పెరట్లో పెద్దమ్మతో కలిసి దినాల వంట వండిన పెద్ద గోలాలు తోముతున్నాను. ఫోను లోపల మంచం మీద ఉంది. అది మోగితే పెద్దబాపు ఎత్తాడు. ఆయన ఫోనులో మాట్లాడితే అవతలి చెలకలో ఉన్నవాణ్ణి పిలిచినట్టే ఉంటుంది. అయినా బోరు మోతలో నాకు ముక్కలు ముక్కలుగానే వినపడింది. తర్వాత పెద్దబాపు చెప్పిందీ, సార్ చెప్పిందీ కలిపితే ఆ సంభాషణ ఇదీ.

"హలో, మెర్సీ మేడం ఈ రోజు బడికి రాలేదండీ. ఏమైంది? రెండు దినాలే అన్నారు."

"ఎట్లొస్తది సారూ? మాయి నిన్న అయినయి. రేపు మా తమ్ముని దినాలున్నయి."

"ఎవరివండీ?"

"మా తమ్ముడు. పరశురాం. గీ పిల్ల వాళ్ల నాయిన."

"అయ్యయ్యో! ఎప్పుడండీ?"

"రేపు పదిగంటలకు. కల్వకుర్తిల."

"ఇంత హఠాత్తుగా..."

"హఠాత్తు గాక ఏంది సారూ, పాస్టరు నిన్ననే గద చెప్పింది. ఆమె లేకపోతే ఎట్ల? ఒక్కతే బిడ్డ."

"అయ్యో, ఎంతమాట. బడి గురించి దిగులు పడొద్దని చెప్పండి. వారమైనా, పది రోజులైనా ఫరవాలేదు. మేడాన్ని జాగ్రత్తగా చూసుకోండి."

వాకిట్లో అందరికీ చెప్పుకుని, అరగంటకు పెద్దబాపు ఫోను పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "మీ సారు శాన మంచోడు బిడ్డా. ఎన్ని రోజులన్న ఉండుమన్నడు. గొంతు గూడ ఒణికింది పాపం. మా నాయినంటే గంత ప్రేమ, గంత పావురం ఎందుకో."

బాలకృష్ణ సార్ గొంతు సెలవిచ్చేటప్పుడు వణకడం నేను ఎన్నడూ వినలేదు. నాకు ఏదో తేడా కొట్టింది. సార్ అసలు ఏమన్నాడో అడిగేలోపు నిరోష ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"అక్కా... మీ నాయినకు ఏమైందే? మొన్న గూడ ఏమనలేదు నువ్వు."

"మా నాయినకేమైంది?"

"ప్రేయర్‌ల సారు చెప్పిండు. పిల్లలు, మేము అందరం రెండు నిమిషాలు మౌనం గూడ పాటించినం. పదో తరగతి పిల్లలు ఏడుస్తున్నరే."

నా చేతిలో చింతపండు పీచు అలాగే ఉండిపోయింది. "సార్‌కు ఎవరు చెప్పారు?" అని అడిగాను గానీ, చెప్పినాయన నా ఎదురుగానే తువ్వాలతో గుండు తుడుచుకుంటున్నాడు.

"పెద్దబాపూ, సార్‌తో ఏమన్నవ్ జర మళ్ల చెప్పు."

"ఏమంట? రేపు మా తమ్ముని దినాలు అన్న."

"తమ్ముడు పెట్టే దినాలు అన్నవా, తమ్ముని దినాలు అన్నవా?"

"రెండు ఒకటే గదనే..." అని ఆగాడు. తనలోనే ఆ మాటను ఇంకోసారి అనుకున్నాడు. తువ్వాల కింద పడింది. మనిషి అక్కడే గోలెం అంచు మీద కూలబడ్డాడు. పొద్దుటి నుంచి గుండు మీద మెరుస్తున్న ఎండ కూడా తగ్గినట్టయింది. "నా నోట్లె మన్నువడ. నాయిన పోయి పన్నెండొద్దులు గాలే, నా నోటితోని తమ్ముని సంపితినా?"

పెద్దమ్మ లోపలి నుంచి ఉప్పు తెచ్చి ఆయన చుట్టూ తిప్పింది. అసలు దిష్టి తీయాల్సింది కల్వకుర్తిలో ఉన్నాయనకు.

ఇక్కడ ఒక మాట నిజం చెప్పాలి. వారమైనా పది రోజులైనా సెలవు ఇచ్చేశాడు. సోమవారం మౌనంగా ముఖం వేలాడేసుకుని పోతే అడిగేవాళ్లు లేరు. కానీ పెద్దబాపు నోరు జారితే పోయిన నాయిన ఎప్పుడో ఒకసారి కూతుర్ని చూడ్డానికి పల్లీల సంచీతో బడికి రాకపోడు. వాచ్‌మన్ గుండె ఆగిపోతుంది. అదీగాక, బతికున్న బాపు పేరు మీద సెలవు తిని ఆయన చేతి అన్నం ఏ ముఖంతో తినాలి? వెంటనే సార్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. క్లాసులో ఉన్నాడు. మెసేజీ పెట్టాను.

"సార్, మా నాన్న బతికే ఉన్నాడు."

ఇన్నేళ్లలో నేను ఆయనకు రాసిన వాటిలో సంధీ సమాసమూ లేని వాక్యం అదొక్కటే. పీరియడ్ అయ్యాక ఆయనే ఫోన్ చేశాడు.

"మేడం, ఏమిటిది? మీ పెదనాన్నగారు స్వయంగా చెప్పారే!"

"చెప్పింది నిజమే సార్. మీరు విన్నదీ నిజమే. మధ్యలో మాట తప్పు." దినాలంటే ఏమిటో చెప్పాను. ఒకే తాతకు రెండెందుకో చెప్పాను. పోచమ్మ, యాట, కూర, అన్నీ చెప్పాల్సి వచ్చింది.

"అంటే మీరు రాసిన రెండు దినాలు..."

"రెండు కార్యాలు సార్."

"నేను చీటీలో రెండు రోజులనుకున్నాను, ఫోనులో అంత్యక్రియలనుకున్నాను! మామూలు మనిషి రాస్తే అడిగేవాణ్ణి. మీరు రోజు అనరు కదా మేడం, రోజును దినము అంటారు, బుధవారాన్ని బుధవారము అంటారు. గ్రాంథికం అనుకున్నాను."

"చిత్తం సార్" అన్నాను.

"మరి మూడోది ఉండదని పూచీ ఇచ్చారే?"

"మూడో కార్యం సార్. నిజంగానే లేదు."

ఆయన నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. "మేడం, తండ్రి పోతే ఇచ్చే వారం ఇప్పుడు కుదరదు. రిజిస్టర్లో రాసేశాను, కొట్టేయాలి. మీరు రేపు ఉదయానికైనా రాగలరా? పదో తరగతికి రివిజన్ ఉంది."

ఇదే నేను భయపడింది. రేపు పొద్దున బడిలో ఉంటే కల్వకుర్తిలో ఉండను. తిరుమలగిరిలో రెండుసార్లు పప్పు వేయించుకుని తిని బాపు ఇంటి విస్తరి ఎగ్గొట్టినదాన్నవుతాను. ఆ ఇద్దరి మధ్యా ఉన్న ఒక్క తీగా నేనే తెంపినదాన్నవుతాను.

"రాలేను సార్" అన్నాను. "తప్పు నాది, తేదీ రాయలేదు. ఇప్పుడు సరిగా రాసి పంపుతాను. చూసి మీరే చెప్పండి."

గోలెం పక్కనే కూర్చుని ఫోనులో రాశాను.

"సార్, మా తాత బక్కయ్య చనిపోయారు. ఆయన కార్యాలు రెండు చోట్ల ఉన్నాయి. గురువారం తిరుమలగిరిలో అయిపోయింది. రేపు శనివారం కల్వకుర్తిలో మా నాన్న ఇంట్లో ఉంది. ఈ రోజుకూ రేపటికీ సెలవు కావాలి. లీవులు లేవు కాబట్టి జీతం కోసుకోండి. రెండు రోజులూ నా క్లాసులు నిరోష తీసుకుంటుంది, తను ఒప్పుకుంది. పదో తరగతి రివిజన్ ఎల్లుండి ఆదివారం పొద్దున నేను వచ్చి పూర్తి చేస్తాను. సోమవారం బడిలో ఉంటాను. అవసరమైతే ఈ నంబరుకే చేయండి, నేనే ఎత్తుతాను."

చివరి ముక్క పెద్దబాపు చూసి, "గది నా మీదనే గద" అన్నాడు.

సార్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఇలా రాస్తే మొన్ననే ఇచ్చేసేవాణ్ణి కదా మేడం. మంజూరు. కానీ ఒక చిక్కుంది. పిల్లలతో రెండు నిమిషాలు మౌనం పాటింపజేశాను. దాన్నేం చేయమంటారు?"

"మా తాత ఖాతాలో వేయండి సార్. ఆయనకు ఎవరూ పాటించలేదు."

"సరే. ఇంకొకటి. మీరేమీ అనుకోకపోతే, మీ నాన్నగారి గొంతు ఒకసారి వినిపించండి. పొద్దుటి నుంచి మనసు బాగాలేదు. పిల్లలకు కూడా నేనే చెప్పాలి కదా."

లెక్కల మాస్టారు గదా, సరిచూసుకోనిదే వదలడు. ఆయన్ని లైనులో ఉంచి బాపును కూడా కలిపి స్పీకరు పెట్టాను. పెద్దబాపు నా భుజం మీదికి వంగి నిలబడ్డాడు.

"బాపూ, మా సార్ లైన్‌ల ఉన్నడు. నువ్వు బతికున్నవని జర చెప్పు."

"ఏంది?"

"బతికున్న అని చెప్పు."

"బతికే ఉన్న సారూ. ఉల్లిగడ్డలు కోస్తున్న" అన్నాడు బాపు. "ఎందుకు సారూ, ఎవలు సంపిన్రు నన్ను?"

సార్ ఏదో సర్దిచెప్పబోయాడు. ఈలోగా పెద్దబాపు నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "నేనేరా తమ్మీ" అన్నాడు. "నోరు జారిన్రా. నీ దినాలన్న. నేను అనుకున్నది గది గాదురా." గుండు చేయించుకున్న రోజు కూడా ఏడవనివాడు, పెరట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అటు కత్తి పీట చప్పుడు ఆగిపోయింది. బాపు, "సంపితే సంపినవ్ గని అన్నా, గిన్నేండ్లకు మాట్లాడినవ్" అన్నాడు.

లైనులో మూడో మనిషి ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. "మేడం, ఇక నేను ఉంటాను" అని బాలకృష్ణ సార్ పెట్టేశాడు.

మధ్యాహ్నం నేను సంచీ సర్దుకుంటుంటే పెద్దబాపు కొత్త ధోవతి కట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎక్కడికన్నాను. "దినాలైనంక నిద్రకు పోవాలె గద. చావయినోళ్లు చుట్టాలింట్ల ఒక రాత్రి పండాలె. అందరు పిలుస్తున్నరు. నాకు తమ్ముని ఇల్లు లేదా?" అన్నాడు. తర్వాత, "వాణ్ణి కండ్లతోటి సూస్తేగని నాకు పాణం కుదురుకోదు" అన్నాడు. దారి పొడవునా, అట్లా తప్పు కబురు వస్తే మనిషికి ఆయుష్షు పెరుగుతుందని పక్క సీటు వాళ్లందరితో ఒప్పించుకుంటూ వచ్చాడు. హైదరాబాదులో బస్సు మారేటప్పుడు తమ్ముడికని బత్తాయిలు కొన్నాడు.

వాకిట్లో బాపును చూడగానే భుజాలు, చేతులు తడిమి చూశాడు. బాపు తడిమించుకున్నాడు. ఇద్దరూ మళ్లీ ఏమీ మాట్లాడుకోలేదు. ఇన్నేళ్ల అలవాటు ఒక్క ఫోనుతో పోతుందా?

శనివారం కూడిక అయ్యింది. పాస్టరు గారు తాత గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అన్నాల వేళ అందరూ బంతిలో కూర్చున్నారు. పెద్దబాపు నా పక్కనే కూర్చున్నాడు. విస్తరిలో బాపు చేతి వంట. వందలమంది హాస్టల్ పిల్లలు తిని పెరిగిన చెయ్యి అది, సొంత అన్న ఒక్కడే ఇన్నేళ్లూ రుచి చూడలేదు. పాస్టరు గారు భోజనం ముందు ప్రార్థన మొదలుపెట్టాడు. అది కొంచెం పొడుగే. నేను ఒక కన్ను తెరిచి పెద్దబాపును చూశాను. ఆయన చేతులు జోడించి విస్తరి వంకే చూస్తున్నాడు. ప్రార్థన ఇంకా సగంలో ఉంది.

"ఆమెన్!" అన్నాడు గట్టిగా.

అందరూ కళ్లు తెరిచారు. అచ్చం అదే గొంతు. మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి, రెంటినీ ఆపుకోలేదు. మొదటి ముద్ద అప్పటికే పెద్దబాపు నోట్లో ఉంది.

బాపు కూర గిన్నె పట్టుకుని బంతి వెంట వస్తూ మా దగ్గర ఆగాడు. అన్న ముఖం చూడకుండా నా వైపు తిరిగి, "కూర కలుపుకుంటడా అడుగు బిడ్డా" అన్నాడు.

పెద్దబాపు విస్తరి ముందుకు జరిపాడు. "నన్నే అడుగురా" అన్నాడు.